వ్రతానికి ముందు రిమైండర్ల జాతర

శ్రావణమాసంలో మన ఇళ్ళకు ఏ కొరతా లేకుండా సరఫరా అయ్యేది రిమైండర్ ఒక్కటే. చేమంతుల ధర ఎంతైనా పెరగొచ్చు, తమలపాకుల కట్ట రోజురోజుకీ చిక్కిపోవచ్చు. రిమైండరు మాత్రం ఉచితం. ఇంటికే వస్తుంది, ఎన్నిసార్లైనా వస్తుంది, వద్దన్నా వస్తుంది.

వరలక్ష్మీ వ్రతం ఇంకా పదిరోజులుందనగానే బంధువుల గ్రూపులో జాబితా దిగుతుంది. పసుపు, కుంకుమ, వక్కలు, ఖర్జూరాలు, రవికగుడ్డలు, తోరానికి తెల్లదారం, కలశానికి కొబ్బరికాయ, చివర్లో "ముందుగానే ప్లాన్ చేసుకుంటే టెన్షన్ ఉండదు" అని ఒక చేతులు జోడించిన బొమ్మ. దాన్ని పంపినవారు బాబాయిగారు. ఆయన వంటింట్లోకి వెళ్ళేది మంచినీళ్ళకి, అదీ ఫ్రిజ్ వంటింట్లో ఉంది కాబట్టి. ఆ మధ్యాహ్నమే కిరాణా యాప్ "తామరపూలు కావాలా?" అని అడుగుతుంది. సాయంత్రం భర్తగారు ఫోన్‌లో అలారం పెట్టి, ఒక బాధ్యత తీరినట్టు సోఫాలో వాలతారు. ఇక వదినగారు ఫోన్ చేసి, "ఈసారి అన్నీ ముందే చేసిపెట్టుకో, చివర్లో కంగారు పడకు" అంటారు. ఇంతమంది ఇంత శ్రద్ధగా గుర్తుచేస్తున్నప్పుడు పని దానంతట అదే ఎందుకు జరిగిపోవడంలేదో ప్రభుత్వం ఒక కమిటీ వేసి తేల్చాలి.

తేదీ గుర్తుచేయడమైనా ఉపయోగమే కదా అంటారేమో. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం అని ఇంట్లో పెద్దావిడకి నోటికి వచ్చు. అయినా సరే, 2023లో ఏమైందో మరిచిపోకూడదు. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. జూలై 18న శ్రావణం మొదలైందని చూడగానే రిమైండర్లవారు రంగంలోకి దిగారు. వ్రతం ఏమో నిజ శ్రావణంలో, ఆగస్టు 25న. దాదాపు నెలరోజులు ఉద్యమం నడిపి, అసలు వ్రతం వచ్చేసరికి అలసిపోయి ఊరుకున్నారు. ఆ ఒక్క ఏడే ఇళ్ళలో ప్రశాంతంగా పూజలు జరిగాయని నా అనుమానం.

అసలు చిక్కు ఆ "అన్నీ ముందే చేసిపెట్టుకో" దగ్గరుంది. ఏమిటా అన్నీ? నైవేద్యం ఆ పొద్దున్న తలస్నానం చేసి వండాలి. నిన్న వండింది చద్ది, అమ్మవారికి పెట్టరు. వండుతూ రుచి చూడకూడదు. చేసేవాళ్ళు పూజ అయ్యేదాకా ఏమీ తినరు. (కాఫీ తిండి కిందికి రాదని మా వైపు పెద్దలు ఎప్పుడో తీర్మానించి పుణ్యం కట్టుకున్నారు.) పైగా శుక్రవారం రాహుకాలం పదిన్నరకి మొదలవుతుంది కాబట్టి అంతకుముందే పూజలో కూర్చోవాలనే ఇళ్ళు ఎక్కువ. అంటే తొమ్మిది రకాలు, రెండు బర్నర్లు, నాలుగైదు గంటలు, ఖాళీ కడుపు. ఇందులో ముందురోజుకి జరపగలిగిన వంట దాదాపు లేదు. ముందురోజు చేయగలిగింది నానబెట్టడం. విచిత్రమేమిటంటే ఏ జాబితాలోనూ లేనిది అదే.

నానబెట్టడానికి వేళలు మూడు. వాయనానికి సెనగలు ఎనిమిది గంటలైనా నానాలి కాబట్టి గురువారం సాయంత్రమే నీళ్ళలో పడాలి. గారెలకీ, బూరెలకి పైన పట్టించే తోపుకీ వేసే మినప్పప్పుకి నాలుగైదు గంటలు చాలు, పడుకోబోయే ముందు పోసుకోవాలి. అప్పుడే పక్క గిన్నెలో తోపుకి బియ్యం కూడా, పప్పుకి రెండింతలు. పూర్ణానికి పచ్చిసెనగపప్పు గంట నానితే సరిపోతుంది, లేవగానే పోసి స్నానానికి వెళ్ళొచ్చు. మినప్పప్పు ముందు రాత్రే రుబ్బేద్దామా అంటే, వానాకాలం ఉక్కకి పొద్దునకి పులిసి పొంగుతుంది, ఫ్రిజ్‌లో పెడదామంటే మడి ఒప్పుకోదు. ఈ విషయాలు గుర్తుచేయాల్సిన వేళ గురువారం రాత్రి తొమ్మిదిన్నర. సరిగ్గా ఆ వేళకి గ్రూపులో అందరూ పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవి బొమ్మతో శుభరాత్రి చెప్పుకుని పడుకుని ఉంటారు.

ఇక పొద్దున్న. తొమ్మిది రకాలనగానే బెదిరిపోనక్కర్లేదని, లెక్క తెలిసిన పాతకాలపు ఇల్లాళ్ళు ఎప్పుడో దారి చూపించారు. వడపప్పు, పానకం, పచ్చి చలిమిడి, ఈ మూడింటికి పొయ్యి అక్కర్లేదు. పులిహోరకీ దద్ధోజనానికీ అన్నం ఒక్క కుక్కర్లోదే. మిగిలినవి పరమాన్నం, గుగ్గిళ్ళు, గారెలు, బూరెలు. ఒకటి తగ్గితే తొమ్మిదోదిగా అరటిపండ్లు పెట్టి లెక్క సరిచేసిన సందర్భాలున్నాయి, అమ్మవారు అభ్యంతరం చెప్పినట్టు దాఖలా లేదు. కానీ నూనె మూకుడు ఎక్కిందంటే గంటకి పైగా ఒక బర్నర్ దానిదే. కనక అది ఎక్కకముందే కుక్కర్, పరమాన్నం, పూర్ణానికి పప్పు ఉడకడం అయిపోవాలి. ఈ ఒక్క వరస తప్పితే, పూజలో కథ చారుమతి కల దాకా వచ్చినా వంటింట్లో బూరెలు వేగుతూనే ఉంటాయి.

మూకుట్లో గారెలు ముందు, బూరెలు తరవాత. తిరగేస్తే ఏమవుతుందో చూసినవాళ్ళకి తెలుసు. ఒక్క బూరె చిట్లి పూర్ణం నూనెలో కలిసిందంటే బెల్లం మాడి నల్లటి రవ్వలవుతుంది, ఆ తరవాత వేసిన ప్రతి గారెకీ అంటుకుంటుంది. ఆ గారెలు చూసిన పేరంటాళ్ళు "నూనె మార్చలేదా వదినా" అని చాలా ఆప్యాయంగా అడుగుతారు.

చిట్లడానికి కారణం పొయ్యి మీద కాదు, అంతకు గంట ముందు కుక్కర్లో ఉంటుంది. పచ్చిసెనగపప్పు వేళ్ళతో నొక్కితే మెదగాలి కానీ జావ కాకూడదు. ఉడికాక నీళ్ళు బొట్టు లేకుండా వార్చాలి. బెల్లం పప్పుకి సమానంగా వేసి, మళ్ళీ పొయ్యి మీద దగ్గరపడేదాకా తిప్పాలి. బెల్లం కరగ్గానే పూర్ణం ఒక్కసారి పలచబడుతుంది, చాలామంది బెదిరి అక్కడే దించేస్తారు. ఇంకాసేపు తిప్పితే గిన్నె అంచులు వదిలి ముద్దవుతుంది. చల్లారాక ఉండ చేస్తే చేతికి అంటుకోకూడదు. మా అత్తగారు పక్కగదిలో అష్టోత్తరం చదువుకుంటూనే గరిట చప్పుడు విని, "ఇంకా నీళ్ళున్నాయమ్మాయ్, అప్పుడే దించకు" అనేవారు. ఆవిడ చెవిని ఏ యాప్‌లోనూ పెట్టలేరు. తోపు కూడా ఉండకి పట్టుకుని నిలవాలి. పలచనైతే బూరె ఒకవైపు బట్టతల వేసుకుని బయటికొస్తుంది, అక్కడే చిట్లుతుంది. గారెల పిండిలో ఉప్పు సరిగ్గా నూనెలో వేయబోయేటప్పుడే కలపాలి. ముందే కలిపితే పిండి నీరొదిలి గారె నూనె తాగుతుంది.

ఉప్పు మాటొచ్చింది కాబట్టి. రుచి చూడకుండా తొమ్మిది రకాలకి ఉప్పు సరిగ్గా వేసిన మనిషికి పూజ అయ్యాక లభించే సత్కారం ఏమిటంటే, పొద్దున్న తొమ్మిదికి లేచిన అబ్బాయి పులిహోర నోట్లో పెట్టుకుని "కొంచెం ఉప్పు తగ్గిందేమో" అనడం.

శుభ్రం చేయడం గురించి రిమైండర్లవారి అవగాహన ఇంకా లోతైనది. "ఇల్లంతా ముందే శుభ్రం చేసుకోండి" అని ఆదివారమే పంపుతారు. శుక్రవారం బూజు దులపరు, దేవుడి సామాను తోమరు, కనుక గురువారమే ఆఖరి గడువు, నిజమే. కానీ గురువారం రాత్రి అందరూ భోజనం చేయాలి కదా. ఆ భోజనం అయ్యాకే వంటిల్లు కడగాలి. పొయ్యి తుడిచి, గట్టు కడిగి, ముగ్గేసి, మడి గిన్నెలు బోర్లించేసరికి పదిన్నర. తుడిచి ముగ్గేసిన పొయ్యి మీద ఎవరో వచ్చి పాలు వేడిచేసుకుంటే పని మళ్ళీ మొదటికి. అందుకని తెలిసిన ఇళ్ళలో గురువారం రాత్రి పెరుగన్నం, ఆవకాయ. ఇది పండగ ప్రణాళికలో అతి కీలకమైన నిర్ణయం. దీన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఎందుకంటే దీనివల్ల ఫార్వర్డ్ చేసేవారి కూర పోతుంది.

2024లో వ్రతం ఆగస్టు 16న పడింది. ముందురోజు గురువారం స్వాతంత్ర్య దినోత్సవం, అందరికీ సెలవు. ఇంకేం, మగవాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు, పని చకచకా అయిపోతుందని అమాయకులు ఆశపడ్డారు. అందరూ ఇంట్లోనే ఉన్నారు. మూడు పూటలా పకోడీలు, టీలు, జెండా వందనం నుంచి వచ్చిన మిత్రులకి ఉప్మా. వంటిల్లు కడగడం అర్ధరాత్రికి పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ కూడా అదే కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

బజారు సంగతి త్వరగా చెప్పేస్తాను. చేమంతులు బుధవారమే కొని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, గురువారం సాయంత్రం ధర అడిగితే గుండె పట్టుకోవాలి. మల్లెలు మొగ్గలుగా గురువారమే తేవాలి, ముందే తెస్తే పూజకి వాడిన పూలుంటాయి. మామిడాకులు పక్కింటి చెట్టువి.

ఇప్పుడు నా ప్రతిపాదన. ఇకమీదట రిమైండరు పంపే ప్రతివారూ దానితోపాటు ఒక చెయ్యిని కూడా పంపాలి. ఎడమదైనా పర్వాలేదు, కొబ్బరి తురమడానికి పనికొస్తుంది. తేదీ గుర్తుచేసినవారు గురువారం సాయంత్రం ఆరింటికి వచ్చి సెనగలు నానబోయాలి. "టెన్షన్ పడకు" అన్నవారు పొద్దున్న ఐదింటికి గ్రైండర్ దగ్గర నిలబడాలి, కరెంటు పోతే రోలు దగ్గర. జాబితా మొత్తం పంపిన బాబాయిగారి లాంటివారికి వెండి, ఇత్తడి సామాను అప్పగించాలి. ఇత్తడికి చింతపండు, ఉప్పు, వెండికి విభూతి. తోమడంకన్నా వెంటనే పొడిగుడ్డతో తుడవడం ముఖ్యం, లేకపోతే నీటిమరకలు తెల్లగా తేలతాయి. ఉత్తుత్తి రిమైండర్లు పంపినవారికి శిక్షగా పేరంటం పిలుపుల ఫోన్లు చేయించాలి.

సాయంత్రం పేరంటానికి ఇరవైమంది వస్తారనుకుంటే కిలో సెనగలు చాలు. నానితే రెండింతలు దాటతాయి, ఒక్కొక్కరికీ మంచి గుప్పెడు. మనం ఇరవైమందికి పంచుతాం, ఆ ఇరవైమంది ఇళ్ళకీ పేరంటానికి వెళ్తాం, వాళ్ళూ మనకి పంచుతారు. రాత్రికి చూసుకుంటే మొదలెట్టిన కిలోకి తక్కువ కాకుండా సెనగలు ఇంట్లోనే ఉంటాయి, కాకపోతే అవి వేరేవాళ్ళవి, పసుపు కుంకుమలు అంటుకుని. శనివారం తాలింపు, ఆదివారం వంకాయలో వేసి కూర, సోమవారానికి మొలకలు. మంగళవారం మంగళగౌరీ నోము, ఎదురింటివాళ్ళు మళ్ళీ సెనగలు వాయనమిస్తారు. ఆ సంగతి గుర్తుచేస్తూ బాబాయిగారి మెసేజ్ ఇప్పుడే వచ్చింది.