పాలసీని ముక్కలు చేస్తే పన్ను తప్పుతుందా?

"ఇన్సూరెన్స్ డబ్బు మెచ్యూరిటీకి వచ్చినా, మధ్యలో సరెండర్ చేసినా పైసా ట్యాక్స్ లేదు. 5 లక్షల రూల్ అంటారా? ఒక్కో పాలసీని 5 లక్షల లోపు ఉంచి ఎన్నైనా తీసుకోండి. టీడీఎస్ కట్ అయితే లెక్క అక్కడితో క్లోజ్."

కొందరు ఏజెంట్లు చెప్పే మాటలివి, కానీ నమ్మితే చిక్కే. ముందు ఆ 5 లక్షల సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న మామూలు పాలసీలన్నిటి వార్షిక ప్రీమియం కలిపే చూస్తారు; 5 లక్షలు దాటితే అన్నిటికీ పన్ను మినహాయింపు ఉండదు. మార్కెట్‌తో ముడిపడ్డ యూలిప్ పాలసీలకు లెక్క వేరు: 2021 ఫిబ్రవరి 1 తర్వాతవైతే పరిమితి రెండున్నర లక్షలే.

ఒకాయన 2023 మేలో ఒకటి, 2024 జూన్‌లో ఇంకొకటి తీసుకున్నాడనుకోండి. ఒక్కోదానికి ఏటా 3 లక్షలు, పదేళ్లు. మొత్తం 6 లక్షలు కాబట్టి రెండింటికీ మినహాయింపు దొరకదు, ఒక్కదానికే. మొదటిది 42 లక్షలు, రెండోది 48 లక్షలు ఇచ్చాయనుకుందాం. కట్టింది చెరో 30 లక్షలు, అంటే లాభం 12, 18 లక్షలు. ముందు చేతికొచ్చిందని మొదటిదానికి మినహాయింపు వాడేస్తే, రెండోదానిపై వచ్చిన 18 లక్షలు ఇతర ఆదాయం కింద స్లాబ్ ప్రకారం పన్నులోకి వస్తాయి. మొదటిదానికి పన్ను కట్టేసి, మినహాయింపును రెండోదానికి దాచుకుంటే పన్ను పడేది 12 లక్షల మీదే. ఎంపిక మనదే కానీ, ఒకసారి వాడాక వెనక్కి రాదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ఏజెంట్లు దీన్ని ఎందుకో చెప్పరు. పన్ను తగ్గించుకోవడానికి సెక్షన్ 80సీ కింద చూపించిన ప్రీమియాన్ని లాభం లెక్కలో ఖర్చుగా తీసేయనివ్వరు. ఆ పాలసీ మీద పదేళ్లూ లక్షన్నర చొప్పున చూపించి ఉంటే, 30 లక్షల్లో 15 లక్షలే తగ్గుతాయి. లాభం 18 కాదు, 33 లక్షలు అవుతుంది.

చిన్న ప్రీమియమైనా గండం తప్పిందనుకోకండి. 2012 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీలో ఏ ఏడాది ప్రీమియమైనా బీమా మొత్తంలో 10 శాతం దాటితే మినహాయింపు పోతుంది (2013 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్నవైతే వైకల్యం, కొన్ని జబ్బులున్నవారికి 15 శాతం). సింగిల్ ప్రీమియం పాలసీలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. 4 లక్షలు ఒకేసారి కట్టి 5 లక్షల కవర్ తీసుకుంటే, దాటకూడని గీత 50 వేలు. బాండు మీద ప్రీమియం, బీమా మొత్తం పక్కపక్కన చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

సరెండర్‌కూ ఇవే పరీక్షలు. పైగా రెండేళ్ల ప్రీమియం కట్టకుండానే మామూలు పాలసీని ఆపేస్తే, అంతకుముందు 80సీలో తగ్గించుకున్నది ఆ ఏడాది ఆదాయంలో మళ్లీ కలుస్తుంది.

ఇక టీడీఎస్. మినహాయింపు లేని పాలసీల్లో, చెల్లింపు లక్ష లేదా ఆపైన ఉంటే లాభం మీద 2 శాతం కోస్తారు (2024 అక్టోబర్‌కు ముందు 5 శాతం). అది అడ్వాన్స్ మాత్రమే. 30 శాతం స్లాబ్‌లో ఉన్నవారు మిగతా 28 శాతం రిటర్న్‌లో కట్టాల్సిందే, సెస్ అదనం.

పాలసీదారు చనిపోతే కుటుంబానికి వచ్చే డబ్బుకు మాత్రం 10 శాతం, 5 లక్షల గీతలేవీ వర్తించవు.