కడగొద్దన్నాకే కార్లు మెరిశాయి ఎందుకు?

2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు ఒక ఉత్తర్వు ఇచ్చింది. తాగునీటితో కార్లు కడిగినా, మొక్కలకు పోసినా, కట్టడాలకు వాడినా ₹5,000 జరిమానా. మళ్లీ దొరికితే మరో ₹5,000, ఆపైన రోజుకు ₹500. ఆ వేసవిలో వేలాది బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల కోసం జనం పడిగాపులు పడ్డారు. కాబట్టి ఆ ఉత్తర్వు అవసరమేనని నా అభిప్రాయం. అయితే అది వైట్‌ఫీల్డ్ వైపున్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్క గోడ మీదికి చేరేసరికి జరిగింది వేరు.

అసోసియేషన్ వాళ్లు ఎర్ర అక్షరాలతో కాగితం అంటించారు. ఎట్టి పరిస్థితుల్లోనూ కార్లు కడగరాదు, కడిగినవారి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతాం, జరిమానా సంగతి వచ్చే మీటింగులో నిర్ణయిస్తాం అని దాని సారాంశం. ఆ వారం నుంచి, అంతకుముందు కారు సంగతే పట్టించుకోనివాళ్లు కూడా తెల్లవారకముందే బకెట్లతో సెల్లారులోకి దిగడం మొదలైంది. మా పై అంతస్తులో ఉండే కర్నూలు పెద్దాయన కూరగాయలు కడిగిన నీళ్లు కూడా పారబోయరు, కుండీలకు పోస్తారు. ఆయన కూడా దిగారు. అడిగితే, "ట్యాంకరు నీళ్లకు నెలనెలా డబ్బు కడుతున్నానండీ. ఫొటో తీస్తారా? తియ్యమనండి, చూద్దాం" అన్నారు. రాయలసీమ మనిషికి నీటి విలువ ఒకరు చెప్పాలా? ఆయన ఎదురుతిరిగింది పొదుపు మీద కాదు, ఆ కాగితం మీద.

దీన్ని మనం పంతమనో మొండితనమనో అనేసి వదిలేస్తాం. మనస్తత్వ శాస్త్రంలో దీని పేరు సైకలాజికల్ రియాక్టెన్స్. 1966లో అమెరికన్ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ దీన్ని ప్రతిపాదించాడు. ఆయన లెక్కలో ఇది మనిషి గుణం కన్నా ముందు ఒక స్థితి. ఫలానాది చేసే స్వేచ్ఛ నాకుంది అని మనిషి నమ్మాలి. ఆ స్వేచ్ఛకు ఎక్కడినుంచో ముప్పు కనిపించాలి. అప్పుడు దాన్ని తిరిగి చేజిక్కించుకోవాలనే ఒత్తిడి లోపల పుడుతుంది. వద్దన్న పని చేసి చూపించడం అందుకు అన్నిటికన్నా దగ్గరి దారి.

ఇందులో ఆ మొదటి షరతునే చాలామంది మరిచిపోతారు. బ్రెమ్, ఆయన సహచరులు చేసిన గ్రామఫోను రికార్డుల ప్రయోగం దాన్ని బాగా పట్టిస్తుంది. విద్యార్థులకు నాలుగు రికార్డులు వినిపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నారు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఒకటి ఉచితంగా ఇస్తామన్నారు. కొందరికి తమకు నచ్చింది తామే ఎంచుకోవచ్చని చెప్పారు, మరికొందరికి ఏదో ఒకటి ఇస్తామన్నారు. రెండోసారి వచ్చాక, ఒక రికార్డు సరుకులో రాలేదన్నారు. అది ఒక్కో విద్యార్థి మూడో స్థానంలో పెట్టిన రికార్డు, అంటే పెద్దగా ఇష్టపడనిదే. మళ్లీ మార్కులు వేయిస్తే, ఎంచుకునే హక్కు ఉందనుకున్నవాళ్లలో ఆ రాని రికార్డు మీద మోజు పెరిగింది. ఏదిస్తే అది తీసుకోవడానికి వచ్చినవాళ్లలో అలా పెరగలేదు. రెండు గుంపులకూ దొరకనిది ఒకటే. తేడా అల్లా, అది నా చేతిలో ఉందనుకున్నారా లేదా అన్నదే.

మా సెల్లారులోనూ అంతే. కార్పొరేషన్ కుళాయి దగ్గర వరుసలో నిలబడి నీళ్లు పట్టుకునే మనిషికి కారు కడగొద్దన్న మాట పెద్దగా గుచ్చుకోదు. నెలనెలా మెయింటెనెన్సు కట్టి, ఆ నీళ్లు నావి అనుకునేవాడికి గుచ్చుకుంటుంది. దానికి తోడు, ఇవాళ కారు అన్నవాళ్లు రేపు స్నానానికి లెక్క అడగరా అన్న అనుమానం. ఒక్క స్వేచ్ఛ పోతే దాని వెనక ఇంకా నాలుగు పోతాయనిపించినప్పుడు ప్రతిఘటన పెరుగుతుందని బ్రెమ్ సిద్ధాంతంలోనే ఉంది.

ఈ స్థితిలో మనిషి లోపల ఏం జరుగుతుందన్నది చాలాకాలం తేలలేదు. 2005లో డిలార్డ్, షెన్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని కొలిచే పద్ధతి చూపించారు. వాళ్లు చెప్పిందేమిటంటే, ఇందులో కోపమూ ఎదురువాదనా కలగలిసిపోయి ఉంటాయి, రెంటినీ విడదీయలేం. మామూలు కంటికి కూడా ఇది పట్టుబడుతుంది. బద్ధకంతోనో మరుపుతోనో మాట విననివాడు "సరేలెండి" అని ఊరుకుంటాడు, ముందు చేసినంతే చేస్తాడు. రియాక్టెన్స్‌లో ఉన్నవాడు ముందుకన్నా ఎక్కువ చేస్తాడు, పైగా చర్చను విషయం మీంచి చెప్పినవాళ్ల మీదికి మళ్లిస్తాడు. మా గ్రూపులో రెండు రోజుల్లోనే నీళ్ల మాట ఆగిపోయింది. సెక్రటరీ గారి బాల్కనీలో ఎన్ని కుండీలున్నాయన్నదే మాట్లాడారు.

చెప్పేవాడి హోదా పెరిగితే మాట బరువు పెరుగుతుందనుకుంటాం. అమెరికాలో 1976లో పెన్నీబేకర్, శాండర్స్ ఒక యూనివర్సిటీ మరుగుదొడ్లలో రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. ఒకటి ఎట్టి పరిస్థితుల్లోనూ గోడల మీద రాయకండి అనేది, ఇంకొకటి దయచేసి రాయకండి అనేది. కొన్నిటి కింద క్యాంపస్ భద్రతా అధికారి హోదా వేశారు, కొన్నిటి కింద చిన్నపాటి ఉద్యోగి హోదా. కటువైన మాట, పెద్ద హోదా కలిసినచోటే గోడల మీద రాతలు ఎక్కువ పడ్డాయి. మా కాగితంలో ఆ కటువు మాట ఉన్నదున్నట్టు ఉంది. కింద కమిటీ మొత్తం సంతకాలు కూడా ఉన్నాయి.

అలాగని మృదువుగా చెబితే చాలు, అంతా సర్దుకుంటుందనే సలహాతో నేను ఏకీభవించను. మా కాగితంలో అన్నిటికన్నా చెడ్డ వాక్యం ఎర్ర అక్షరాలది కాదు, జరిమానా సంగతి వచ్చే మీటింగులో నిర్ణయిస్తాం అన్నది. ఇది చెప్పడానికి నాకు ఆధారం 2012లో లారిన్, కే, ఫిట్జ్‌సైమన్స్ ప్రచురించిన పరిశోధన. నగరాల్లో వేగ పరిమితి తగ్గించడం మంచిదని నిపుణులు తేల్చారని కొందరి చేత చదివించారు. వాళ్లలో ఒక గుంపుకు నిబంధన ఖాయంగా వస్తోందని చెప్పారు. ఇంకో గుంపుకు, రావచ్చు గానీ చట్టసభలో ఓటింగు ఇంకా మిగిలి ఉందని చెప్పారు. మూడో గుంపుకు నిబంధన మాటే ఎత్తలేదు. ఖాయమని విన్నవాళ్లు, నిబంధన ఊసే లేకుండా చదివినవాళ్లకన్నా ఎక్కువగా దాన్ని సమర్థించారు. ఇంకా తేలలేదని విన్నవాళ్లు ఇంకా ఎక్కువగా వ్యతిరేకించారు. తప్పదని తెలిసినప్పుడు మనసు దానికి కారణాలు వెతుక్కుని సర్దుకుంటుంది. సందు ఉందని తెలిస్తే ఆ సందు కోసమే పోరాడుతుంది. ఇది కాగితం మీద అడిగిన అభిప్రాయాల మాటే, ఏళ్ల తరబడి ప్రవర్తన చూసి చెప్పింది కాదు. అయినా మా సెల్లారుకు మాత్రం అతికినట్టు సరిపోయింది. ఫొటోలు తీశారు, జరిమానా మాత్రం ఎవరి చేతా కట్టించలేదు.

అదే నెలలో నీటి బోర్డు మరో పని చేసింది. మాల్స్, హోటళ్లు, అపార్ట్‌మెంట్ల సామూహిక కుళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. ఏరేటర్ అంటే కుళాయి మూతికి బిగించే చిన్న జాలీ బిళ్ల. నీటిలో గాలి కలిపి ధారను అలాగే నిండుగా చూపిస్తూ, వచ్చే నీటిని సగానికో అంతకన్నా తక్కువకో తగ్గిస్తుంది. మా క్లబ్‌హౌస్ కుళాయిలకు ప్లంబరు వచ్చి బిగించి వెళ్లాడు. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. మీటింగు లేదు, ఫొటో లేదు, మనిషికి మనిషి చెప్పింది లేదు. తర్వాత అసోసియేషన్ నీటి సరఫరాను పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలకు కుదించి వాల్వు కట్టేసింది. రెండు రోజులు గొణిగారు. మూడో రోజు నుంచి ఎవరి డ్రమ్ములు వాళ్లు తెచ్చుకున్నారు. కారు కడగడం కూడా దానంతటదే తగ్గింది, ఎందుకంటే ఆ అయిదు గంటల నీళ్లు దేనికి వాడుకోవాలన్నది మళ్లీ ఇంటివాళ్ల చేతికే వచ్చింది.

ఆ నిర్ణయం ఎదుటివాడి చేతికిచ్చే మాటకు కూడా బలముందని ఒక ఫ్రెంచ్ ప్రయోగం చూపించింది. 2000లో గెగెన్, పాస్కల్ వీధిలో పోయేవాళ్లను బస్సు చార్జీకి చిల్లర అడిగించారు. మామూలుగా అడిగితే నూటికి 10 మంది ఇచ్చారు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం అని చివర ఒక్క మాట చేరిస్తే 47.5 శాతం ఇచ్చారు. ఆ తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూసినా ఈ పద్ధతి పనిచేస్తుందనే తేలింది. అయితే ఆ మాట నిజమై ఉండాలి. ఆఫీసులో బాస్ "శనివారం రావడం మీ ఇష్టం" అన్నప్పుడు అందరికీ అర్థమయ్యేది వేరే కదా.

బెంగళూరులో కన్నడ విషయంలో మన తెలుగువాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది. రెండు భాషల లిపీ దగ్గరే, మాటలూ దగ్గరే. కూరగాయల బండి దగ్గర, ఆటో ఎక్కినచోట, పక్కింటి అజ్జితో అడపాదడపా మాట్లాడుతూ కొన్ని నెలల్లో పట్టేసేవాళ్లు బోలెడు మంది. అదే మనిషిని ఎవరైనా నలుగురిలో నిలబెట్టి, ఇక్కడ ఉంటున్నావు, నేర్చుకోవా అని గద్దిస్తే, వచ్చిన నాలుగు ముక్కలు కూడా మింగేసి ఇంగ్లిష్‌లోకి దిగిపోతాడు. నేర్చుకోమని అడగడంలో తప్పేమీ లేదు, నేర్చుకోవాలి కూడా. కానీ ఆ గద్దింపుతో నష్టపోయేది ఆ భాషే.

ఇంతా చెప్పాక, ప్రతి ఎదురుతిరుగుడుకూ ఈ పేరు తగిలించడం కూడా సరికాదు. పెద్దలు కాదంటే ప్రేమ గట్టిపడుతుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. 1972లో డ్రిస్కాల్ బృందం 140 జంటలను పరిశీలించి, తల్లిదండ్రుల అడ్డంకితో ప్రేమ పెరుగుతుందనే చెప్పింది. 2014లో సింక్లెయిర్ బృందం మళ్లీ పరీక్షిస్తే అది నిలబడలేదు. తల్లిదండ్రులు, స్నేహితులు ఒప్పుకున్న జంటల మధ్యే అనుబంధం బాగుంది. ఏళ్ల తరబడి సాగే బంధంలో అయినవాళ్ల అండ లేకపోవడం అలసట తెస్తుంది, పంతం అంతకాలం నిలవదు.

ఖాయమైన నిబంధనకు మనసు సర్దుకుంటుందన్న సంగతిలో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. అలా సర్దుకోవడానికి నిబంధన మంచిదే కానక్కర్లేదు. బ్యాచిలర్లకు ఇల్లివ్వరు, పనిమనుషులకు వేరే లిఫ్టు, అద్దెకున్నవాళ్లకు స్విమ్మింగ్ పూల్ లేదు వంటివి ఈ నగరంలోని ఎన్నో అపార్ట్‌మెంట్లలో ఉన్నాయి. అవి అమల్లోకి వచ్చిన మొదటి వారంలో ఎవరో ఒకరు గొడవపడే ఉంటారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు వాటిని వివరించేది పాత అద్దెదారులే, "సెక్యూరిటీ కోసమండీ" అంటూ.