కేబుల్‌తో అంతా వచ్చేసిందంటారు, మరి డౌన్‌లోడ్స్ ఏవి?

కొత్త ఫోను కొన్న గంటలోపే పాతదాన్ని రీసెట్ కొట్టి కౌంటర్ మీద పెట్టేయడం మన సెల్ షాపుల్లో మామూలైపోయింది. ఎక్స్ఛేంజ్ ధర ఆ రోజుకే అంటారు, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. తెర మీద కాపీ పూర్తయిందని కనబడగానే ‘అన్నా, అంతా వచ్చేసింది, పాతది రీసెట్ కొట్టేస్తా’ అంటాడు కుర్రాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కాపీ చేసే యాప్ తన జాబితాలో ఉన్నవన్నీ మోసింది. ఆ జాబితాలో లేనివి కూడా ఫోనులో ఉన్నాయన్న సంగతే ఇద్దరికీ తట్టదు.

రెండు ఫోన్లనూ నేరుగా కేబుల్‌తో కలిపి కాపీ చేయడం మంచి పద్ధతే. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీ, ఫొటోలు, మెయిల్ అన్నీ కలిపి అందులోనే సర్దుకోవాలి. అంతకంటే ఎక్కువ ఉన్నవారికి కేబులే దారి. షాపు కంప్యూటర్‌లోకి మన ఫొటోలు వెళ్లే బెడదా ఉండదు. అయితే ఇందులో రెండు చోట్ల తేడా కొడుతుంది. కేబుల్ తగిలించేటప్పుడు ఒకసారి, కాపీ అయిపోయిందనుకున్న తర్వాత ఇంకోసారి. రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అది వారం పది రోజుల దాకా బయటపడదు.

కర్నూలు ఉల్లి మార్కెట్లో ఒక కమీషన్ మండీ గుమాస్తా ఫోను తీసుకుందాం. పాతది 64 జీబీ ఆండ్రాయిడ్, కింద మైక్రో యూఎస్‌బీ సందు. కొత్తది 128 జీబీ ఆండ్రాయిడ్, టైప్-సి. పాతదాంట్లో 36 జీబీ సొంత సరుకు ఉంది: ఫొటోలు, వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన తక్‌పట్టీల ఫొటోలు, డౌన్‌లోడ్ చేసుకున్న 1బీ, అడంగల్, బ్యాంకు స్టేట్‌మెంట్ల పీడీఎఫ్‌లు.

ఇలాంటి జతకు టైప్-సి నుంచి టైప్-సి కేబుల్ పనికిరాదు. పాత ఫోను చార్జర్ కేబులే తీసుకుని, చార్జర్‌లో దూరే వెడల్పాటి కొనకు ఒక టైప్-సి ఓటీజీ ముక్క తగిలించి, దాన్ని కొత్త ఫోనులో పెట్టాలి. ఓటీజీ ఏ ఫోనులో ఉంటే ఆ ఫోనే పెత్తనం చేస్తుంది, అంటే అవతలి ఫోను నుంచి డేటా లాక్కుంటుంది. పనిలో పనిగా అవతలి ఫోనుకు కరెంటు కూడా ఇస్తుంది. కాబట్టి ఇక్కడ చార్జింగ్ కరిగేది కొత్త ఫోనుకే. ఉన్న ఒక్క సందులోనూ ఓటీజీ ఉంటుంది గనుక మధ్యలో చార్జింగ్ పెట్టడం కుదరదు. కొత్త ఫోను 70 శాతం దాటాకే మొదలుపెట్టాలి. రెండూ టైప్-సి ఫోన్లయితే పెత్తనం ఏది తీసుకుంటుందో ముందే చెప్పలేం, ఒక్కోసారి తలకిందులవుతుంది. అప్పుడు నోటిఫికేషన్లలో యూఎస్‌బీ వరుసను నొక్కితే USB controlled by అన్నచోట మార్చుకోవచ్చు. పాత ఫోనులో File transfer ఎంచుకుని ఉండాలి.

కేబుల్ పెట్టినా పాత ఫోను తెర మీద కాపీ చేయమంటారా అన్న ప్రశ్న రాకుండా ఒట్టి చార్జింగ్ గుర్తు మాత్రమే వస్తోందంటే, తొలి అనుమానం కేబుల్ మీదే పడాలి. బస్టాండ్ల దగ్గర అమ్మే చౌక కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఏదైనా కంప్యూటర్‌కు తగిలించి చూస్తే తేలిపోతుంది. పాత ఫోను File transfer అడగనే లేదంటే ఆ కేబుల్ చార్జింగ్‌కే. కేబుల్ మంచిదే అయితే మైక్రో సందులో జేబు నూలు పేరుకుని ఉంటుంది. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి. పిన్నీసు పెట్టి గెలకొద్దు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త ఫోనే పాతదాని నుంచి యాప్‌లు, డేటా తెచ్చుకుంటారా అని అడుగుతుంది. చాలామంది తొందరలో దాన్ని దాటవేస్తారు. శాంసంగ్ కొన్నవారు స్మార్ట్ స్విచ్‌తో తర్వాతైనా చేసుకోవచ్చు, మిగతా చాలా ఫోన్లలో ఆ తొలి సెటప్ వేళే సరైన సమయం. రెండు ఫోన్ల లాకూ తీసి, పాతదాంట్లో పవర్ సేవింగ్ ఆపి, తెర ఆరిపోయే సమయాన్ని వీలైనంత పెంచి, రెండింటినీ బల్ల మీద పెట్టేయాలి. కాల్ వచ్చిందని ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడే కేబుల్ కదిలి కాపీ తెగిపోతుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే సరి. అనంతపురం ఎండల్లో అయితే వెనక కవర్లు తీసేసి ఫ్యాన్ కింద పెట్టండి, ఫోను కాగితే వేగం తగ్గించుకుంటుంది.

ఎంతసేపు? కాగితం మీద యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ. చేతికి అందేది అందులో సగం ఉంటే గొప్ప. సెకనుకు 25 ఎంబీ లెక్కన 36 జీబీకి 24 నిమిషాలు. కానీ వాట్సాప్ ఫొటోలు వేల కొద్దీ చిన్న ఫైళ్లు, ఒక్కో దాన్ని తెరిచి మూయడానికే సమయం పోతుంది. పెద్ద వీడియోలు పరుగెడతాయి, చిన్న ఫొటోలు నత్తనడక నడుస్తాయి. గంట పట్టినా కంగారు పడక్కర్లేదు. శాతం అరగంటపాటు ఒకే అంకె మీద నిలబడిపోతే మాత్రం కేబుల్ తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

కాపీ పూర్తయిందన్నాక గుమాస్తా కొత్త ఫోనులో యాప్‌ల గుర్తులు సగం బూడిద రంగులో ఉంటాయి. గూగుల్ సెటప్‌లో కేబుల్ మోసేది యాప్‌ల జాబితాను, వాటి డేటాను. యాప్‌లు మాత్రం ప్లే స్టోర్ నుంచి మళ్లీ దిగుతాయి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్నవారికి అక్కడే నెట్ అయిపోయి పని ఆగుతుంది. వైఫై ఉన్నచోట చేసుకోవాలి.

ఇక అసలు విషయం. డౌన్‌లోడ్స్‌లో ఉన్న పీడీఎఫ్‌ల వంటివి, దాచిన ఫోల్డర్లలోని ఫొటోలు, ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించిన యాప్‌లు గూగుల్ సెటప్ కాపీలో రావని గూగుల్ సహాయ పేజీలోనే ఉంది. చదివేవారెవరు? గుమాస్తా గ్యాలరీ తెరిచి చూస్తాడు. ఫొటోలన్నీ ఉన్నాయి, పెళ్లి వీడియో ఉంది, సంతృప్తి. 1బీ కాగితం కావాల్సి వచ్చింది నెల తర్వాత, అప్పటికి పాత ఫోను ఏ ఊళ్లో ఎవరి చేతిలో ఉందో. మీభూమి నుంచి 1బీ మళ్లీ తెచ్చుకోవచ్చు. ఎవరో వాట్సాప్‌లో పంపితే దించుకున్న పాత ఒప్పందం కాగితాన్ని మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు?

దీనికి మందు అదే కేబుల్‌లో ఉంది. కాపీ అయ్యాక తీసేయకుండా, పాత ఫోనును File transfer లోనే ఉంచి, కొత్త ఫోనులో ఫైల్స్ యాప్ తెరవాలి. చాలా ఫోన్లలో పక్క మెనూలో పాత ఫోను మోడల్ పేరు, పెన్‌డ్రైవ్ పెట్టినట్టే, కనిపిస్తుంది. అందులోకి వెళ్లి Download, Documents, కాల్ రికార్డింగులున్న ఫోల్డర్లను ఎంచుకుని కొత్త ఫోనులో అతికించాలి. తర్వాత రెండు ఫోన్లలోనూ ఆ ఫోల్డర్ తెరిచి, అన్నీ ఎంచుకుంటే పైన అంకె వస్తుంది. పాతదాంట్లో 412, కొత్తదాంట్లో 412 ఉంటేనే పని అయినట్టు. గ్యాలరీని కళ్లతో చూసి తృప్తిపడితే చాలదు, లెక్క కుదరాలి.

చేత్తో ఇలా అతికించిన ఫైళ్లలో ఒక చిక్కుంది. ఫైలు తేదీ కాపీ చేసిన రోజుకు మారిపోవచ్చు. కెమెరాతో తీసిన ఫొటోలో తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో అది ఉండదు, అందుకే రెండేళ్ల నాటి తక్‌పట్టీలన్నీ గ్యాలరీలో ఇవాళ్టి తేదీ కింద గుట్టపడతాయి. పేరు మాత్రం మారదు. IMG-20230514-WA0007.jpg అంటే 2023 మే 14న వచ్చిందన్నమాట. ఫైల్స్ యాప్‌లో పేరు వరుసన పెట్టుకుంటే క్రమం తిరిగొస్తుంది.

వాట్సాప్ చాట్లకు సొంత దారి ఉంది. కేబుల్ తగిలించే ముందే పాత ఫోనులో Settings, Chats, Chat backup లోకి వెళ్లి ఆ రోజు బ్యాకప్ తీయాలి, లేకపోతే తెల్లవారుజామున 2 గంటలకు అది తనంతట తాను తీసుకున్నదే దిక్కు, ఆ తర్వాతి మెసేజ్‌లు పోతాయి. కొత్త ఫోనులో అదే నంబర్ వేసినప్పుడు బ్యాకప్ దొరికిందని చెబితే Restore నొక్కాలి. దొరకలేదంటే తొందరపడి Skip నొక్కొద్దు. పాత ఫోనులో Chats కిందనే Transfer chats ఉంటుంది, క్యూఆర్ చూపించి వైఫై మీదుగా నేరుగా పంపుకోవచ్చు. దానికి పాత ఫోను చేతిలో ఉండాలి, రీసెట్ అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు వచ్చినట్టే కనిపించి మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోమంటాయి. అది కాపీ లోపం కాదు. వాటి తాళంచెవులు పాత ఫోను చిప్‌లోనే ఉండిపోయేలా కట్టారు, ఏ కేబులూ వాటిని బయటికి తేలేదు. బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ కొత్త ఫోనులో ఉండాలి, దాని నుంచి ఎస్ఎంఎస్ వెళ్లేంత బ్యాలెన్స్ ఉండాలి. కొత్త ఫోనులో తొలి 24 గంటలు చాలా బ్యాంకులు పంపే మొత్తాన్ని తగ్గిస్తాయి కాబట్టి రైతులకు చెల్లింపులున్న రోజున ఫోను మార్చే పని పెట్టుకోకూడదు.

ఇవన్నీ ఒక పూటలో తేలేవి కావు. అందుకే ఎక్స్ఛేంజ్ పద్ధతి మీద నాకు అభ్యంతరం. ఆన్‌లైన్‌లో కొంటే మరీ అన్యాయం, కొత్త పెట్టె తెచ్చిన మనిషే గుమ్మంలో నిలబడి పాతది పట్టుకుపోతాడు, రెండు ఫోన్లూ ఒక కేబుల్ మీద కూర్చునే అవకాశమే ఉండదు. ఎక్స్ఛేంజ్‌లో వచ్చేది వెయ్యీ రెండు వేలే అయితే వదులుకుని పాత ఫోనును కనీసం పదిహేను రోజులు ఇంట్లో ఉంచుకోవడం లాభం. తప్పక ఇచ్చేయాల్సి వస్తే ముందురోజే ఓటీజీతో పెన్‌డ్రైవ్‌లోకి గానీ, కంప్యూటర్‌లోకి గానీ Download, DCIM, వాట్సాప్ ఫోల్డర్లను దించుకోవాలి. వాట్సాప్ ఫోల్డర్ Android/media/com.whatsapp లోపల ఉంటుంది, పైపైన వెతికితే కనబడదు.

ఇచ్చేసే రోజు సిమ్, మెమరీ కార్డు తీయండి. సెట్టింగుల్లో గూగుల్ ఖాతాను తొలగించాకే రీసెట్ కొట్టండి. ఖాతా తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ కొట్టిన ఫోను మళ్లీ ఆన్ చేసినప్పుడు పాత యజమాని పాస్‌వర్డే అడుగుతుంది, కొన్నవాడు దాన్ని తిరిగి మీ దగ్గరికే తెస్తాడు.