కూలర్ ఆగిన రాత్రి 614 మాటలు

మే నెల 17వ తేదీ రాత్రి, పగలంతా మిద్దె తాగిన కడప ఎండ నెమ్మదిగా ఇంట్లోకి దిగుతున్న వేళ, నాలుగు రోజుల కిందటే రీవైండింగు చేయించి తెచ్చిన నా కూలర్ మోటారు ఒకసారి మూలిగి, కాలిన వార్నిష్ వాసన వదిలి, ఆగిపోయింది. సామాన్యుడైతే విసనకర్ర వెతుక్కునేవాడు. నేను ఫోను చేతిలోకి తీసుకుని, మా కాలనీ వాట్సాప్ గ్రూపులోని 214 మంది క్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని, ఆ వైండింగు షాపు యజమానిపై ఒక పోస్టు రాయడం మొదలుపెట్టాను. నలభై నిమిషాల్లో 614 మాటలు పూర్తయ్యాయి. ఆఫీసులో పావు పేజీ మెమోకు మూడు రోజులు తీసుకునే నేను, ఆ రాత్రి ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

ఆ రచన వైభవం పాఠకులకు కొంతైనా తెలియాలి. అది ‘అసలు ఈ దేశం ఎటు పోతోంది?’ అన్న ప్రశ్నతో ప్రారంభమై, చేతిపనివారిలో నిజాయితీ ఎలా అడుగంటిందో సమీక్షించి, ఆరేళ్ళ కిందట ఇదే మనిషి మా మిక్సీని బాగుచేసిన తీరును తవ్వి తీసి, అతని సొంత ఊరు ప్రొద్దుటూరు గనుక ఆ ఊరి ప్రజల స్వభావానికి ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించి, నాలుగు సామెతలు, తొమ్మిది ప్రశ్నలు, ముప్పయ్యొక్క ఆశ్చర్యార్థకాలతో జైత్రయాత్రలా ముగిసింది. నా భార్యది ప్రొద్దుటూరే అన్న అల్పవిషయం ఆ పేరా రాసే సమయంలో నా దృష్టికి రాలేదు. ఆమె తమ్ముడు సెలవులకు వచ్చి, గాలి లేక నిద్రపట్టక, నా పక్కనే కూర్చుని ఉన్నాడు. పోస్టు అంతా శ్రద్ధగా చదివి ఒకే ఒక్క సందేహం వెలిబుచ్చాడు.

“అంతా బాగుండాది గానీ బావా, ఇందులో కూలర్ యాడుండాది?”

వెతికితే పదిహేడో వాక్యంలో దొరికింది. అదీ ఒక ఉపమానంలో.

కోపంతో రాసిన దానికి ఉండే లక్షణమే ఇది కాబోలు. రాసేవాడికి జరిగిన సంగతి కంఠతా వచ్చు గనుక దాన్ని చెప్పనే చెప్పడు. దాని చుట్టూ ఉన్న ప్రపంచాన్ని మాత్రం వివరంగా తిడతాడు. నెల తిరిగాక అదే మనిషి అదే పోస్టును చదివితే సంగతి మరిచిపోయి ఉంటాడు, తిట్లు మాత్రం ఎదురుగా ఉంటాయి. అప్పుడు తనే తనకు అర్థం కాడు.

పంపకుండా ఆగడానికి నేను చేసిన మొదటి పని సాహిత్య సంబంధమైనది కాదు. పోస్టు మొత్తాన్ని గ్రూపు డబ్బాలోంచి కత్తిరించి, పంపే మీట లేని చోట, అంటే పాల లెక్కలు రాసుకునే నోట్సులో అతికించాను. బొటనవేలికి విచక్షణ ఉండదు. చెమట పట్టిన బొటనవేలికి అసలే ఉండదు. వాట్సాప్ వారు పంపిన మాటను దిద్దుకోవడానికి పదిహేను నిమిషాల గడువు దయచేశారు గానీ, నా కోపం చల్లారడానికి కనీసం ఒక రాత్రి, మజ్జిగలో కలిపిన రెండు పూటల అన్నం కావాలి. అందరికీ కనిపించకుండా తొలగించే సౌకర్యమూ ఉంది. కానీ తొలగించిన చోట ఒక సందేశం తొలగించబడిందన్న బోర్డు మిగులుతుంది. మా కాలనీలో ఆ బోర్డు కంటే ఎక్కువమందిని పోగుచేసేది మరొకటి లేదు. ఈలోగా ఎవరో ఒకరు ఆ పోస్టును ఫొటో తీసి ఉండనే ఉంటారు.

మరునాడు ఆదివారం. నేను కుర్చీ వేసుకుని, నోట్సు తెరిచి, ఒక్కొక్క వాక్యాన్నీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: ఇది నేను చూశానా, ఊహించానా? ఈ ప్రశ్న వినడానికి సౌమ్యంగా ఉంటుంది గానీ, 614 మాటల రచనను అది కోసినట్లు కొడవలి కూడా కోయదు. ‘పదకొండు రోజులు తిప్పాడు’ అన్నది నిలిచింది. మోటారు ఇచ్చిన తేదీ, తెచ్చిన తేదీ రెండూ ఫోనులో ఉన్నాయి. ‘కావాలనే తిప్పాడు’ అన్నది నిలవలేదు. అతని మనసులోకి తొంగిచూసే కిటికీ నాకు ఎవరూ ఇవ్వలేదు. ‘నవ్వుతూ పంపించాడు’ అన్నది సందేహాస్పదం. అతని ముఖమే అంత. ‘ఎప్పుడూ ఇంతే’ అన్నదానికి ఆధారం వెతికితే మిక్సీ ఒక్కటే దొరికింది, అదీ ఇప్పటికీ తిరుగుతోంది. ఉదయం మా చట్నీ అందులోదే.

పోస్టు మొత్తానికి గుండెకాయ వంటి వాక్యం ఒకటుంది: ‘రాగి తీగకు డబ్బు తీసుకుని అల్యూమినియం తీగ చుట్టిన దొంగ.’ ఆ వాక్యం మీద నాకు తల్లి ప్రేమ వంటిదేదో ఉంది. దాన్ని వదులుకోవడం కంటే కూలర్నే వదులుకోవడం మేలనిపించింది. అయినా బామ్మర్ది అడిగాడు: “ఇప్పి చూసినావా బావా?” విప్పలేదు. అల్యూమినియం తీగకు కూడా ఎర్రటి ఎనామెల్ పూత వేస్తారు గనుక పైచూపుకు రెండూ ఒకటే. బ్లేడుతో పూత గీకి చూస్తే గానీ తెలియదు. లోపల ఎర్రగా మెరిస్తే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం.

సత్యాన్వేషణకై మోటారును ఇంకో వీధిలోని మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాము. ఆయన విప్పాడు, గీకాడు, చూపించాడు. రాగి. ఎర్రగా, కడిగిన చెంబులా, నిస్సందేహంగా రాగి. నా జీవితంలో నిజాయితీ అంత నిరాశ కలిగించిన సందర్భం మరొకటి లేదు. తర్వాత ఆయన షాఫ్టును వేలితో పట్టి అటూ ఇటూ ఊపాడు, అది ఊగింది. షాఫ్టును నిలబెట్టే బుష్ అరిగిపోయిందట. బుష్ అరిగితే లోపలి రోటర్ తిన్నగా తిరగక చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకు రాసుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది, ఎంత మంచి రాగి చుట్టినా వైండింగు కాలిపోతుంది. చుట్టేటప్పుడే బుష్ చూసి మార్చి ఉండాల్సింది అన్నాడాయన. అంటే షాపు యజమాని తప్పు ఉంది. కాకపోతే అది నేను రాసిన తప్పు కాదు. నేను రాసింది మోసం, జరిగింది అజాగ్రత్త.

ఆ ఒక్క మాట పొరపాటు ఎంత దూరం పోయేదో తర్వాత తెలుసుకున్నాను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టానిది. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ. నిజమే రాశానని చెప్పుకున్నా చాలదట, అది ప్రజల మేలుకు అవసరమైన నిజమని కూడా చూపాలట. నా చేతిలో నిజమే లేదు. 1,400 రూపాయల రీవైండింగు కోసం కోర్టు మెట్లెక్కి, బ్లేడుతో తీగ గీకి చూపించే ఘట్టాన్ని ఊహించుకుని ఆ వాక్యాన్ని స్వహస్తాలతో కొట్టేశాను.

అక్కడి నుంచి పని వేగంగా సాగింది. సామెతలు పోయాయి, సామెత ఎవరి పక్షానికైనా సాక్ష్యం చెబుతుంది. అతన్ని ‘మహానుభావుడు’ అని సంబోధించిన చోట్లు పోయాయి, ఎందుకంటే గ్రూపులోని పెద్దవారిలో సగం మంది దాన్ని నిజమైన పొగడ్తగానే తీసుకుని చేతులు జోడించే బొమ్మలు పెట్టేవారు. ప్రశ్నలు తొమ్మిదీ పోయాయి. వాటికి జవాబు నాకు అక్కర్లేదు, ఎవరైనా ఇస్తే మరింత కోపం వచ్చేది. దేశం ఎటు పోతోందన్న విషయాన్ని దేశానికే వదిలేశాను. ప్రొద్దుటూరు పేరాను మాత్రం, ఇంట్లో శాంతిభద్రతల దృష్ట్యా, అన్నిటికంటే ముందుగానే తొలగించానని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ గడ్డ మీద ఆటవెలదిలో తిట్టినవారికి కూడా నాలుగు పాదాలే దొరికాయి, అందులో ఒకటి మకుటానికే పోయేది. మూడు పాదాల్లో లోకాన్ని కడిగేశారు. నాకు 614 మాటలు చాలకపోవడంలో లోపం లోకానిది కాకపోవచ్చు.

చివరకు మిగిలినది ఇది:

‘మే 2న కూలర్ మోటారు రీవైండింగుకు ఇచ్చాను. రెండు రోజులన్నారు, పదకొండు రోజులకు ఇచ్చారు. రూ. 1,400 తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. నాలుగు రోజులకే మోటారు ఆగిపోయింది. వేరొకచోట విప్పించి చూస్తే బుష్ అరిగి షాఫ్టు ఊగుతోంది, అందుకే వైండింగు మళ్ళీ కాలిందన్నారు. ఉచితంగా బాగుచేయాలని షాపువారిని అడిగాను. ఈ వేసవిలో మోటార్లు ఇచ్చేవారు బుష్ గురించి ముందే అడిగి, రసీదు తీసుకోండి.’

నలభై ఐదు మాటలు. గట్టిగా చదివి చూశాను. వచ్చే నెల టేబుల్ ఫ్యాను పట్టుకుని అదే షాపు మెట్లెక్కవలసి వస్తే (మా వీధికి ఆ షాపే దగ్గర) ఈ పోస్టు గోడకు అంటించి ఉన్నా తలెత్తుకుని లోపలికి పోగలనా అని ఆలోచించాను. పోగలను. పాత పోస్టు అంటించి ఉంటే ఫ్యాను ఇంట్లోనే వదిలి, తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడిని.

అయితే ఒక వాక్యం దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ‘షాపువారిని అడిగాను’ అని రాశానే గానీ, అడగలేదు. 214 మందికి చెప్పడానికి సిద్ధమైనవాడిని, బాగుచేయగలిగిన ఆ ఒక్కడికీ మోటారు ఆగిందన్న కబురే అందించలేదు. కొట్టేద్దామనుకున్నాను; కొట్టేస్తే పోస్టుకు నడుము విరుగుతోంది. ఉంచాలంటే నిజం చేయాలి. విధిలేక, చివరి రెండు వాక్యాలు తీసేసి, మిగతాదంతా నేరుగా అతనికే పంపి, ఏం చేస్తారో చెప్పమన్నాను. సోమవారం ఉదయం జవాబు వచ్చింది: “తీస్కరాండి సార్, బుష్ సూసుకోలేదు.”

నా పోస్టుకు అంతకంటే పెద్ద దెబ్బ ఏమి ఉంటుంది? గురువారానికి మోటారు వచ్చింది, బుష్ కొత్తది, డబ్బు తీసుకోలేదు, అడిగితే రసీదు కూడా రాసిచ్చాడు. గ్రూపులో పెట్టినప్పుడు ‘అడిగాను’ అన్న వాక్యాన్ని తీసి, బుష్ మార్చి మళ్ళీ చుట్టి ఉచితంగా ఇచ్చారని రాశాను. ఇద్దరు ఆ షాపు నంబరు అడిగారు, ఒకాయన బుష్ ధర అడిగాడు, తక్కినవారు ఎప్పటిలాగే శుభోదయం చెప్పుకున్నారు. ఒక్కరూ ఆవేశపడలేదు.

పాత 614 మాటలు నోట్సులో పాల లెక్కల కిందనే ఉన్నాయి. జూన్ చివర్లో కూలర్ గాలికి కూర్చుని తీసి చదివాను. మిక్సీ ప్రస్తావన ఎందుకు వచ్చిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. రెండు ఉపమానాలు మాత్రం, న్యాయంగా చెప్పాలంటే, ఇప్పటికీ బాగున్నాయి. వాటిని ఏ పోస్టులో వాడుకోవచ్చునా అని చూస్తుండగా నా భార్య వెనక నుంచి వచ్చి చేయి చాచింది.

“మా ఊరి గురించి ఏందో రాసినావంట. నా తమ్ముడు చెప్పినాడు. ఆ పేరా ఏదో ఒకసారి చూపిచ్చు.”