ఐదింటి బ్యాచ్‌కు రాని బద్ధకస్తులు

నల్గొండలో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు తెల్లవారుజామున ఐదింటికి ఏ పనీ ఉండదని మా కాలనీ యోగా స్టూడియో వారు కనిపెట్టారు. ఆ సంగతి రోజూ వాట్సాప్ స్టేటస్‌లో చాటుతున్నారు. నిన్నటిది చూడండి: 'ఆ ఒక్క గంట మీది. సాకులు మాని చాప పరవండి.' పక్కన సముద్రపు ఒడ్డు, సూర్యోదయం, మడత నలగని తెల్లబట్టల్లో ఒకావిడ. మనకున్న సముద్రమల్లా పానగల్లు ఉదయసముద్రం. ఐదింటికి అక్కడికి చాప పట్టుకుపోతే ముందు కుక్కలు పలకరిస్తాయి.

మా పక్కింటి టీచరమ్మ ఏడున్నరకు దేవరకొండ రూటు బస్సెక్కాలి. ఐదింటి క్లాసుకు నాలుగున్నరకైనా లేవాలి. మనిషికి ఏడు గంటల నిద్ర కావాలని ఈ స్టూడియో వారే ఇంకో పోస్టులో సెలవిచ్చారు. అంటే తొమ్మిదిన్నరకు పడుకోవాలి. ఆ టైముకు ఆమె గిన్నెలు తోముతూ ఉంటుంది, మామగారు ఇంకా పెరుగన్నం దగ్గరే ఉంటారు.

అయినా సాకులు వద్దన్నారు కనుక వంటింట్లోనే సూర్యనమస్కారాలు మొదలుపెట్టవచ్చు. కుక్కర్ ఎక్కించి దండం పెట్టాలి. మొదటి విజిల్‌కు చేతులెత్తి వెనక్కి వంగితే పై అరలోని కందిపప్పు డబ్బా చేతికందుతుంది. రెండో విజిల్‌కు పాదహస్తాసనం, స్టవ్ కిందికి జారిన గరిటె దొరుకుతుంది. తర్వాత అశ్వసంచలనాసనంలో ఒక కాలు వంటింట్లో ఉంచి, రెండోది హాల్లోకి చాపి భర్తగారిని లేపాలి. 'ఏందే పొద్దుగాల పొద్దుగాల' అంటారు, ఆగకూడదు. భుజంగాసనంలో సోఫా కింద పిల్లవాడి రెండో సాక్సు కనిపిస్తుంది. చివరగా శవాసనం. వంటింట్లో కోడలు అలా పడి ఉంటే అత్తగారు ఊరంతా పిలుస్తారు కనుక అది మానుకోవచ్చు.

ఇంతవరకు నవ్వుకున్నాను. మొన్నటి పోస్టు చూశాక నవ్వు రావడం లేదు. 'మోకాళ్లు వంచకుండా పాదాలు తాకలేకపోతే తప్పు మీ బద్ధకానిదే!'

నల్గొండలో కూర్చుని రాసిన మాటేనా ఇది? వంగి పాదాలు తాకమనడం, గడ్డం ఛాతీకి ఆనించమనడం, చేతులు తల వెనక్కి పెట్టమనడం, ఇవి ఊళ్లలో ఫ్లోరోసిస్‌ను గుర్తుపట్టే పరీక్షలు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరి వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన ఆడవాళ్లు ఈ పట్నంలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొచ్చినా, అప్పుడు ఎముకల్లో చేరింది అంత తేలిగ్గా పోదు. అలాంటి నడుమును పట్టి వంచితే మిగిలేది నొప్పే. వంగని వెన్నును చూసి బద్ధకం అనడానికి నోరెలా వచ్చింది? వీళ్లిచ్చే ఫారంలో పేరు, ఫోన్ నంబరు, ఫీజు నగదా ఫోన్‌పేనా అని మాత్రమే ఉంది. నడుం నొప్పి ఉందా, డాక్టరుకు చూపించారా అన్న గడే లేదు.

సాయంత్రం ఆరున్నరకు బ్యాచ్ పెట్టరాదా అని వెళ్లి అడిగాను.

"ఆ టైముకు ఆడవాళ్లకు ఇంట్లో పనుంటది కదమ్మా" అన్నారు.