ఆ మూడు జవాబుల్లో పని ఎవరిది?

డేటింగ్ యాప్‌లో ఫొటోలు చూసి వేలు జరపడం అర నిమిషం పని. కానీ మనిషి దొరికేది ఫొటోల కింద రాసిన జవాబుల్లోనే. హింజ్ అనే యాప్‌లో మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి, ఒక్కోదానికి 150 అక్షరాలకు మించకూడదు. ఆ కాస్త చోటులో ఎవరైనా తనకు ముఖ్యమనిపించిందే రాస్తారు. అందుకే జవాబు చదివేటప్పుడు విశేషణాలను వదిలేసి క్రియాపదాలు చూడాలంటాను. ఏ పని, ఎవరు చేస్తున్నారు?

ఒక ఊహా ప్రొఫైల్ తీసుకుందాం. ఒంగోలు అబ్బాయి, బెంగళూరులో ఉద్యోగం. ఎలాంటి అమ్మాయి కావాలంటే, "డ్రామా లేకుండా, ఇంట్లో కలిసిపోయే సింపుల్ అమ్మాయి." ఆదివారం ఎలా గడుస్తుందంటే, "అమ్మ చేతి చేపల పులుసు, తర్వాత నిద్ర." తన గురించి తెలియాల్సింది, "నేను ముక్కుసూటి. తట్టుకోగలిగితేనే రండి."

చాలామంది రెండో జవాబు దగ్గర ఆగి, అమ్మకూచి అని తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. పులుసు ఇష్టపడటం తప్పు కాదు. అదే అబ్బాయి "పొద్దున్నే మార్కెట్‌కెళ్లి చేపలు తెచ్చి శుభ్రం చేసేది నేను, పులుసు అమ్మది" అని రాసుంటే రుచి అదే, మనిషి వేరు. ఇక్కడ మాత్రం ఆయన తినడం, నిద్రపోవడం తప్ప మరో పని కనిపించదు. మొదటి జవాబులో కలిసిపోవాల్సింది అమ్మాయి, మూడోదాంట్లో తట్టుకోవాల్సిందీ ఆమే. మూడింటిలోనూ సర్దుకోవడం అవతలివాళ్ల వంతే అయింది. ఒక్క జవాబు అలా ఉంటే పొరపాటనుకోవచ్చు, రెండింటిలో అదే ధోరణి కనిపిస్తే వద్దనుకుని ముందుకెళ్లండి.

ఆ మూడోది అన్నిటికంటే గట్టి హెచ్చరిక. రేపు నోరు జారితే "ముందే చెప్పాగా" అనడానికి తీసుకున్న అనుమతి అది. "డ్రామా వద్దు" అనేదీ తేలిగ్గా తీసుకోకూడదు. బాధ చెప్పుకున్న మనిషిని డ్రామా అనేవాళ్లూ ఈ మాటే రాస్తారు. సందేహముంటే హింజ్‌లో ఆ జవాబు కిందే అడగొచ్చు: "ముక్కుసూటిగా మాట్లాడి, తర్వాత క్షమాపణ అడిగిన సందర్భం ఉందా?" ఒక సంఘటన చెబితే మాట సాగించవచ్చు. ఎదురు ఎగతాళి చేస్తే విషయం తేలిపోయినట్టే.

మంచివాళ్లకు రాయడం రాకపోవచ్చు కదా అంటారు. నిజమే. తప్పుల ఇంగ్లిష్‌ను, పొడి జవాబును ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకూడదు. "ఫ్యామిలీ అంటే ప్రాణం, ట్రావెల్ ఇష్టం" అని రాసినవాళ్ల గురించి మనకు ఇంకా ఏమీ తెలియలేదు, అంతే. నేను చూడమంటున్నది భాషను కాదు, బరువు ఎవరి మీద పెట్టారన్నది.

జవాబులను ఇలా చదవడం మనకు కొత్తగా ఉండటానికి కారణం యాప్ కాదు, పెళ్లి బయోడేటా. నెల్లూరులోనైనా కావలిలోనైనా ఆ కాగితంలో గోత్రం, నక్షత్రం, జీతం, ఎకరాలు చూడటం మనకు కొట్టిన పిండి. అందులో అబ్బాయి సొంతంగా రాసిన వాక్యం ఒక్కటీ ఉండదు, కాబట్టి దాన్ని చదివే అవసరమూ రాలేదు. కోపమొస్తే ఏం చేస్తాడు, ఇంటి పనిలో ఏది తనదనుకుంటాడు అన్నవి పెళ్లయ్యాకే తెలిసేవి. ఇప్పుడు ఆయనే స్వయంగా రాసి చూపిస్తున్నా, మనం ఇంకా ఉద్యోగం, ఎత్తు చూసి సరేనంటున్నాం.