కాంపౌండులో వారానికొక పూట కూరగాయల దుకాణం: కమిటీకి రాసే లేఖ ఎలా ఉండాలి

అపార్ట్‌మెంట్ కాంపౌండులో వారానికొకసారి కూరగాయలు అమ్ముకోనివ్వమని కమిటీకి రాసే లేఖల్లో చాలావరకు తాజా కూరగాయల గురించి, రైతుకు జరిగే మేలు గురించి, పెద్దవాళ్లకు బజారుకు వెళ్లే శ్రమ తప్పడం గురించి ఉంటుంది. వాటిని చదివిన కమిటీ సభ్యులెవరూ కాదనరు, అయినా అనుమతి రాదు. ఎందుకంటే వాళ్ల ముందున్న ప్రశ్న కూరగాయలు మంచివా కావా అన్నది కాదు. అందరికీ చెందిన స్థలంలో బయటివాడొకరు వ్యాపారం చేస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవరు జవాబుదారీ అన్నదే వాళ్ల ప్రశ్న. లేఖ ఆ ప్రశ్నకు జవాబుగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. భవానీపురంలోని మా అపార్ట్‌మెంట్ కమిటీకి నేనిచ్చిన లేఖను ఆ పద్ధతిలోనే రాశాను. విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి ప్రయత్నంలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని అందులోని విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మాది కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, మొత్తం 60 ఫ్లాట్లు. ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి, పెనుమాక వస్తాయి. కృష్ణ ఒడ్డున ఆ ఊళ్ల పొలాల్లో ఆకుకూరలు, వంగ, బెండ, దొండ, కాకర, అరటి పండిస్తారు. అక్కడి రైతు ఒకరు ఆదివారం పొద్దున్నే ఆటోలో సరుకు తెచ్చి అమ్ముతానన్నారు. లేఖలో ముందుగా రాసింది ఆయన గురించి కాదు, స్థలం గురించి. గేటు లోపల కుడి పక్కన, వచ్చిపోయేవాళ్ల బళ్లు ఆపే చోట, 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న జాగా అని కొలత వేసి, చేత్తో గీసిన పటం జతచేశాను. అది ఎవరికీ కేటాయించిన పార్కింగు కాదనీ, అగ్నిమాపక వాహనం లోపలికి తిరగవలసిన దారికి అడ్డం రాదనీ, లిఫ్టు దగ్గరకూ జనరేటరు దగ్గరకూ జనం గుమికూడే అవసరం ఉండదనీ ఆ పటం చూస్తే తెలుస్తుంది. "కాంపౌండులో ఎక్కడో ఒకచోట" అని రాస్తే ప్రతి సభ్యుడూ తన కారు ముందే బుట్టలు పెడతారని ఊహించుకుంటాడు. కొలత రాస్తే ఆ ఊహకు చోటుండదు.

సమయం ఆదివారం ఉదయం 6.30 నుంచి 9.30 వరకు అని రాశాను. ఆ రోజు బడి వ్యాన్లు రావు, ఆఫీసులకు బయలుదేరే కార్ల తొందర ఉండదు. అంతకంటే ముఖ్యమైన కారణం మన ఎండలు. మే నెలలో ఇక్కడ తొమ్మిది దాటితే తోటకూర, గోంగూర వాడిపోతాయి, వాటికి రైతు నీళ్లు చల్లుతూ కూర్చుంటే నేలంతా బురదవుతుంది. సాయంత్రం పెట్టుకుందామన్నవాళ్లూ ఉన్నారు కానీ, తెల్లవారుజామున కోసిన ఆకుకూర సాయంత్రానికి ఏ స్థితిలో ఉంటుందో వండేవాళ్లందరికీ తెలిసిందే.

ఇక ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. లేఖకు మద్దతుగా సంతకాలు సేకరించడం అందరూ చేసే పనే. పక్కింటివాళ్లు అడిగారు కదా అని ఎవరైనా సంతకం పెడతారు, కానీ అందరూ కొనరు. అందుకని నేను కాగితం మీద రెండు గడులు గీశాను. ఒకటి అభ్యంతరం లేదని చెప్పేవాళ్లకు, రెండోది వారం వారం కొంటామని మాట ఇచ్చేవాళ్లకు. రైతు లెక్క రెండో గడి మీదే ఆధారపడుతుంది. రానుపోను ఆటోకు 600 రూపాయలు అవుతుందనుకుందాం. 40 ఇళ్లవాళ్లు సగటున 250 రూపాయల చొప్పున కొంటే ఆ పూట అమ్మకం 10,000 రూపాయలు, ఆటో ఖర్చు అందులో ఆరు శాతం. కొనేది 15 ఇళ్లే అయితే అమ్మకం 3,750 దగ్గర ఆగిపోయి, అదే ఆటో ఖర్చు పదహారు శాతమవుతుంది. పైగా మిగిలిన ఆకుకూర మర్నాటికి పనికిరాదు. అలాంటప్పుడు ఏ రైతైనా కొన్ని వారాలు ఓర్చుకుని మానేస్తాడు, లేదా నష్టం పూడ్చుకోవడానికి ధర పెంచుతాడు. అది చూసి "మేం ముందే చెప్పాం" అని కమిటీ అనడం సహజం. కాబట్టి కొంటామన్న ఇళ్లు ఒక లెక్కకు చేరకముందే లేఖ ఇవ్వకూడదు. మా దగ్గర 60 ఇళ్లలో సగానికి పైగా రెండో గడిలో సంతకం చేసిన తరువాతే కార్యదర్శిగారి చేతికిచ్చాను.

ధర విషయంలో వాదన పెరగకుండా ఒక కొలమానం ముందే రాసి పెట్టుకోవడం మేలు. మన రాష్ట్రంలో 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి, అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డు ధర మీద కిలోకు 3 రూపాయలకు మించి తీసుకోకూడదని లేఖలో ఉంది, రైతు కూడా ఒప్పుకున్నారు. ఆటో ఖర్చు ఆయనకు గిట్టాలి, బజారుకు వెళ్లే పని మనకు తప్పుతుంది కాబట్టి ఆ మూడు రూపాయలు న్యాయమేనని నా ఉద్దేశం. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉండాలన్నది ఇంకో షరతు.

వచ్చేవాడు రైతేనా, మార్కెట్లో కొని తెచ్చి అమ్మే వ్యాపారా అన్నది మా మేడ మీదుండే మాస్టారు అడిగిన ప్రశ్న. వ్యాపారైతే తప్పేమీ లేదు, కానీ రైతని చెప్పి అనుమతి అడిగినప్పుడు అది నిజం కావాలి. రైతుబజారులో అమ్మేవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు ఉంటే దాని నకలు తీసుకోవచ్చు. అంతకంటే తేలికైన గుర్తు బుట్టల్లోనే ఉంటుంది. పెనుమాకలో పండించినవాడి దగ్గర నాలుగైదు రకాల ఆకుకూరలు, ఆ కాలపు కాయగూరలు కొన్ని ఉంటాయి. బంగాళాదుంప, క్యారెట్, కర్నూలు ఉల్లి, మదనపల్లె టమాటా అన్నీ ఒకేచోట ప్రతి వారం కనిపిస్తున్నాయంటే అది మార్కెట్ సరుకు. ఈ మాటను లేఖలోనే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. దుకాణం వచ్చాక అన్నీ దొరుకుతాయని ఆశపడ్డవాళ్లు మొదటి వారమే నిరుత్సాహపడతారు, ఆ తరువాత రావడం మానేస్తారు. ఏవి దొరకవో ముందే చెప్పడం మంచిది.

మాస్టారి అసలు అభ్యంతరం వేరు. "ఇవాళ కూరగాయలంటారు, వచ్చే నెల చీరలంటారు, ఆ పైన ఇంకెవరో బల్ల వేసుకుంటానంటారు. దేనికని కాదంటామండీ?" అన్నారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. అందుకే అనుమతి ఈ సరుకుకు, ఈ మనిషికి, ఈ పూటకు మాత్రమేననీ, ఇంకొకరికి అదే హక్కు రాదనీ, ఎవరడిగినా విడిగా తీర్మానం కావాలనీ రాశాను. అద్దె ఊసు కూడా ఉండకూడదన్నాను. వారానికి ఐదు వందలు అద్దె తీసుకుంటే సంఘానికి ఆదాయం కదా అని కోశాధికారిగారు అడిగారు. అద్దె తీసుకుని రసీదు ఇస్తే, ఆ జాగా మీద తనకు హక్కుందని రేపు ఎవరైనా వాదించడానికి మనమే కాగితం చేతికిచ్చినట్టు అవుతుంది. ఆ ఐదు వందలు చివరికి కొనేవాళ్ల సంచిలోంచే వస్తాయి కూడా. తీసుకోవలసింది ఊడ్చే ఆమెకు ఇచ్చే 100 రూపాయలు మాత్రమే, అదీ రైతు నేరుగా ఆమె చేతికి ఇవ్వాలి. వాచ్‌మన్‌నూ ఆయన భార్యనూ అడగకుండా వాళ్ల మీద ఆదివారం పని పెంచడం అన్యాయం. నేను అడిగాను. "కాడలూ ఆకులూ ఆయనే మూటగట్టి పట్టుకుపోతే మాకేం ఇబ్బంది లేదండి" అన్నారు. ఆ మాటే లేఖలో షరతుగా చేరింది. సంచులు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలన్నది కూడా రాశాను. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచుల మీద 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది, కాంపౌండులో వాటి పంపిణీకి కమిటీ అనుమతి ఇచ్చినట్టు కాకూడదు.

మా వీధిలో రోజూ తోపుడు బండి మీద కూరలు తెచ్చే ఆమె విషయం చాలామందికి తట్టదు. ఏళ్ల తరబడి మన గేటు ముందు నిలబడి, చిల్లర లేకపోతే రేపిద్దురులే అన్న మనిషి ఆమె. ఆమెతో మాట్లాడకుండా ఆదివారం బేరం వేరేవాళ్లకు అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది. అడిగితే, "ఆకుకూర ఆయన్ని అమ్ముకోనీయండి బాబూ, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ నా దగ్గర తీసుకోండి" అని ఆమే దారి చూపింది. ఆ రోజు అదే సమయానికి ఆమె బండి గేటు బయట ఉంటుంది. లోపల దొరకనివి బయట దొరుకుతాయి.

చిరుతిళ్ల దుకాణం కూడా కలిపి అడగమని కొందరు యువకులు పట్టుబట్టారు. మిరపకాయ బజ్జీలు, పునుగులు నాకూ ఇష్టమే, కానీ వాటిని ఈ లేఖలో కలపనన్నాను. పార్కింగులో పెట్రోలు ట్యాంకుల పక్కన గ్యాసు సిలిండరు, మరిగే నూనె బాణలి, చుట్టూ పరుగెత్తే పిల్లలు ఉండే దుకాణానికి ఏ కమిటీ అనుమతి ఇచ్చినా అది తప్పే. ఇంట్లో చేసి తెచ్చే జంతికలు, చేగోడీలు, సున్నుండలు అయితే మంటతో పని లేదు. అప్పుడు కూడా చేసేవాళ్లకు ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రైతు తన చేతిలోని సొంత పంటను అమ్ముకోవడానికి ఆ చట్టం కింద అది అవసరం లేదు. రెండిటికీ నియమాలు వేరైనప్పుడు లేఖలు కూడా వేరుగా ఉండాలి, లేకపోతే బజ్జీల మీది అభ్యంతరం తోటకూరకు చుట్టుకుంటుంది.

చివరగా, నోటిమాట అనుమతి తీసుకోవద్దు. అధ్యక్షులవారు మెట్ల దగ్గర కనిపించినప్పుడు "కానీండి, చూద్దాం" అంటే అది ఆయన పదవిలో ఉన్నంతవరకే. కార్యవర్గం తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి, తరువాతి సర్వసభ్య సమావేశంలో దాన్ని చదివి వినిపించాలి. ఉమ్మడి స్థలంలో వ్యాపారం గురించి మీ సంఘం నియమావళిలో ఏముందో ముందే చూసుకోండి. ఉంటే ఆ నియమం సంఖ్య లేఖలోనే రాయండి, సమావేశంలో ఇంకెవరో బయటపెట్టేదాకా ఆగవద్దు. ఫ్లాటు యజమాని సంతకం లేకుండా అద్దెకున్నవాళ్లే లేఖ ఇస్తే దాన్ని పక్కన పెట్టడం తేలిక, కాబట్టి మొదటి సంతకం యజమానిదై ఉండేలా చూసుకోండి.

మా లేఖలోని ఆఖరి పేరా ఇది: "ఈ అనుమతిని మూడు నెలలకు మాత్రమే ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఈలోగా ఏ ఆదివారమైనా శుభ్రత లేకపోయినా, నిర్ణీత స్థలం దాటి సరుకు పెట్టినా, 9.30 తరువాత కొనసాగినా, వారం రోజుల ముందు తెలియజేసి కమిటీ దీనిని రద్దు చేయవచ్చును. మూడు నెలల తరువాత మరల తీర్మానం చేయనియెడల అనుమతి దానంతట అదే ముగిసినట్లు భావించవలెను." ఈ చివరి వాక్యం ఎందుకని చాలామంది అడిగారు. ఒకరి జీవనాధారాన్ని ఆపమని తీర్మానం చేయడానికి ఏ కమిటీకీ మనసొప్పదు, ఆ ఇబ్బంది వస్తుందేమోనన్న భయంతోనే మొదట్లోనే కాదంటారు. గడువు దానంతట అదే ముగిసేదైతే వాళ్లు ఎవరినీ వెళ్లగొట్టనక్కరలేదు, ఇష్టమైతే పొడిగిస్తారు. ఈ సంగతి రైతుకు కూడా ముందే చెప్పాను, ఆయన సరేనన్నారు. లేఖ వచ్చే కార్యవర్గ సమావేశపు అజెండాలో ఉంది.